ఆయాసంతో వచ్చిన మనిషికి నాలుగు రకాల మందులు

ఉబ్బసం బాగా ముదిరిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు బంధువులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “స్టెరాయిడ్ ఇంజక్షన్ చేసి గంట దాటింది, ఆయాసం ఇంకా తగ్గలేదేంటండీ?” ఇంజక్షన్ పనిచేయలేదేమోనని వాళ్ల భయం. కానీ అది గంటలో పనిచేసే మందు కాదు. అదే మనిషికి మాస్కు పెట్టి నెబ్యులైజర్‌తో పట్టించిన సాల్బుటమాల్ అయిదు పది నిమిషాల్లోనే కాస్త ఊపిరి ఆడనిస్తుంది. మందు పీల్చడానికీ, నరంలోకి ఎక్కించడానికీ ఉన్న తేడాతో ఇది తేలదు. ఒంట్లో ఆ మందు వెళ్లి పట్టుకునే రిసెప్టర్ ఏ కుటుంబానికి చెందిందో చూడాలి.

రిసెప్టర్ అంటే కణం పొర మీదో, కణం లోపలో ఉండే ప్రొటీన్. హార్మోన్ గానీ మందు గానీ వచ్చి దానికి అతుక్కుంటే కణం తన పని మార్చుకుంటుంది. ఈ రిసెప్టర్లలో నాలుగు పెద్ద కుటుంబాలున్నాయి. జీ ప్రొటీన్ ద్వారా కబురు పంపేవి, కణం కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల మీద పనిచేసేవి, తామే అయాన్ల దారులుగా ఉండేవి, లోపలి కొసన ఎంజైమ్ ఉన్నవి. తీవ్రమైన ఉబ్బసంతో ఐసీయూకి చేరిన రోగికి షుగర్ కూడా ఉంటే, ఈ నాలుగూ ఒకే మంచం దగ్గర పనిలోకి దిగుతాయి. అలాంటి ఒక రోగిని అనుకుని, ఒక్కో మందు వెంటా నడుద్దాం.

ముందు సాల్బుటమాల్. శ్వాసనాళాల గోడల్లో మన ఇష్టంతో పనిలేకుండా బిగుసుకునే కండరాలుంటాయి. ఉబ్బసంలో అవి బిగిసిపోయి గాలి దారి ఇరుకవుతుంది, పిల్లికూతలు వినిపిస్తాయి. ఆ కండరాల పొర మీద బీటా-2 రిసెప్టర్లున్నాయి. ఆ ప్రొటీన్ కణం పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటుతుంది. బయటివైపు సాల్బుటమాల్ అతుక్కోగానే లోపలివైపు దాని ఆకారం మారుతుంది. ఆ మార్పును పక్కనే ఉన్న జీ ప్రొటీన్ అందుకుని ఒక ఎంజైమ్‌ను లేపుతుంది. ఆ ఎంజైమ్ సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువులను పెద్ద సంఖ్యలో తయారుచేస్తుంది. అవి ఇంకో ఎంజైమ్‌ను కదిలిస్తే, అది కండరాన్ని వదులు చేస్తుంది. ఇన్ని చేతులు మారినా మొత్తం పనికి పట్టేది సెకన్లు, నిమిషాలే. దారిలో ప్రతి మెట్టు దగ్గరా కబురు హెచ్చుతుంది కాబట్టి కొద్దిపాటి మందు చాలు. నెబ్యులైజర్‌లో పోసేది 2.5 నుంచి 5 మిల్లీగ్రాములు, దాని ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు.

మనిషిలో ఈ కుటుంబపు రిసెప్టర్లకు సుమారు 800 జన్యువులున్నాయి. వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు మూడో వంతు వీటి మీదే పనిచేస్తాయి. బీపీకి వాడే బీటా బ్లాకర్లు, నొప్పికి ఇచ్చే మార్ఫిన్, జలుబుకు వేసుకునే సిట్రిజిన్ అన్నీ ఈ గుంపువే. వీటి పనితీరును విప్పినందుకే రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయన్ కోబిల్కాలకు 2012లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. వాళ్లు ఎక్కువగా పరిశోధించింది ఈ బీటా రిసెప్టర్ల మీదే.

ఈ కుటుంబానికి ఒక గుణం ఉంది, రోగి దాన్ని తెలుసుకుని తీరాలి. రిసెప్టర్‌ను పదేపదే రేపితే కణం దాని తోకకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అప్పుడు అరెస్టిన్ అనే ప్రొటీన్ వచ్చి అడ్డంగా కూర్చుంటుంది, జీ ప్రొటీన్ దగ్గరికి రాలేదు. కొన్ని రిసెప్టర్లను కణం లోపలికి లాగేసుకుంటుంది కూడా. అందుకే రోజూ విడవకుండా నీలం ఇన్‌హేలర్ కొట్టుకునేవాళ్లలో దాని ప్రభావం కొంత తగ్గుతుంది. అంతకంటే పెద్ద ముప్పు ఇంకొకటి. సాల్బుటమాల్ కండరాన్ని వదులు చేస్తుందే తప్ప నాళం లోపలి వాపును తగ్గించదు. ఆయాసం తగ్గింది కదా అనుకుంటుండగానే వాపు పెరిగిపోతుంది. ఒక్క సాల్బుటమాల్‌తోనే ఉబ్బసాన్ని నెట్టుకురావద్దని అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు ‘గినా’ 2019లో చెప్పడానికి కారణం ఇదే. నీలం ఇన్‌హేలర్ ముందుకంటే త్వరత్వరగా అయిపోతోందంటే, జబ్బు అదుపు తప్పుతోందని అర్థం. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఆ ఒక్క గుర్తు చాలు.

ఇక ఆ వాపు సంగతి హైడ్రోకార్టిసోన్ చూసుకుంటుంది. 100 మిల్లీగ్రాములు నరంలోకి ఇస్తారు. దీని రిసెప్టర్ కణం పొర మీద లేదు, లోపలి ద్రవంలో వేరే ప్రొటీన్ల తోడుతో నిలబడి ఉంటుంది. స్టెరాయిడ్ కొవ్వులో కరిగే అణువు కాబట్టి పొరను దాటుకుని లోపలికి వెళ్తుంది. మందు అతుక్కోగానే రిసెప్టర్ ఆ తోడును వదిలేసి కేంద్రకంలోకి ప్రవేశిస్తుంది. అక్కడ డీఎన్ఏ మీద కొన్ని జన్యువులను తెరిపిస్తుంది, వాపును పెంచే జన్యువుల నోరు నొక్కుతుంది. ఆ తర్వాత జన్యువు నుంచి ఆర్ఎన్ఏ రావాలి, దాన్నుంచి కొత్త ప్రొటీన్ తయారవాలి, అంతకుముందు తయారై ఉన్న వాపు ప్రొటీన్లు అరిగిపోవాలి. ఇదంతా జరగడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. గంటకి ఫలితం కనపడలేదని మోతాదు రెట్టింపు చేసినా ఈ పని వేగం పెరగదు.

మరి గంటల తర్వాత పనిచేసే మందును రాగానే ఎందుకిస్తారు? తెల్లవారుజామున అవసరపడేదాన్ని అర్ధరాత్రే మొదలుపెట్టాలి కనుక. దీనికి ఇంకో మేలు కూడా ఉంది. స్టెరాయిడ్ తెరిపించే జన్యువుల్లో బీటా-2 రిసెప్టర్ జన్యువు ఒకటి. సాల్బుటమాల్ వాడకంతో తగ్గిన రిసెప్టర్లకు బదులు కొత్తవి పుట్టుకొస్తాయి. ఒక కుటుంబపు మందు ఇంకో కుటుంబపు మందుకు దారి బాగుచేస్తుందన్నమాట. ఈ రెండింటినీ కలిపి ఇవ్వడంలో ఇంత లోతైన లెక్క ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. రక్తంలోంచి హైడ్రోకార్టిసోన్ చాలా త్వరగా వెళ్లిపోతుంది, తయారైన ప్రొటీన్లు మాత్రం ఉంటాయి కాబట్టి ఫలితం ఇంకా గంటలపాటు నిలుస్తుంది. థైరాయిడ్ మాత్ర, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్, షుగర్‌కిచ్చే పియోగ్లిటజోన్ పనిచేసేది కూడా కేంద్రకపు రిసెప్టర్ల మీదే. వాటి ఫలితానికి రోజులూ వారాలూ ఆగాల్సి రావడానికి ఇదో ముఖ్య కారణం.

మన రోగికి ఇవన్నీ ఇచ్చినా ఊపిరి అందక అలసిపోయాడనుకుందాం. మాట తడబడుతోంది, మగత కమ్ముతోంది. ఇక గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాలి. నిద్రకు కెటమిన్ ఇచ్చి, కండరాలను సడలించడానికి మత్తు డాక్టరు సక్సామిథోనియం ఇచ్చారనుకుందాం. నరం కొస కండరాన్ని తాకే చోట అసిటైల్‌కోలిన్ కోసం ఎదురుచూసే రిసెప్టర్లుంటాయి. అయిదు ముక్కలు గుండ్రంగా చేరి నడుమ ఒక సన్నని రంధ్రం. రెండు అసిటైల్‌కోలిన్ అణువులు రెండు చోట్ల అతుక్కోగానే ఆ రంధ్రం తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. మధ్యవర్తి లేడు, రిసెప్టరే దారి. అందుకే ఇక్కడ లెక్క మిల్లీసెకన్లలో.

సక్సామిథోనియం అంటే రెండు అసిటైల్‌కోలిన్ అణువులను అతికించినట్టుండే మందు. అది కూడా ఆ రంధ్రాన్ని తెరుస్తుంది. ఒళ్లంతా చర్మం కింద కండరాలు చిన్నగా అదరడం మంచం పక్కనున్నవాళ్లకు కంటికి కనిపిస్తుంది. అసిటైల్‌కోలిన్ అయితే అక్కడికక్కడే విరిగిపోయేది. ఇది విరగదు. రంధ్రం వదలకుండా రేగుతూనే ఉండటంతో కండరం తర్వాతి ఆజ్ఞకు స్పందించలేక చచ్చుబడిపోతుంది. నిమిషం లోపలే గొట్టం వేయడానికి వీలవుతుంది, పది నిమిషాల్లోపే ప్రభావం పోతుంది. అలా పోవడానికి రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టాలి.

తెలుగువాళ్లకు బాగా దగ్గరి విషయం ఇక్కడుంది. వైశ్య సముదాయంలో కొందరికి ఈ ఎంజైమ్ పుట్టుకతోనే లోపిస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2017లో ప్రచురించిన పత్రం, మిగతా సముదాయాలకంటే ఈ లోపం వాళ్లలో సుమారు వంద రెట్లు ఎక్కువని చెప్పింది. చాలా తరాలుగా పెళ్లిళ్లు తమలో తామే చేసుకోవడంతో పూర్వీకుల్లో ఒకరికున్న జన్యు మార్పు ఎక్కువమందికి వచ్చింది. మామూలు రోజుల్లో దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. సక్సామిథోనియం ఇచ్చినప్పుడు మాత్రం పది నిమిషాల సడలింపు గంటలకు సాగుతుంది. అలాంటప్పుడు వైద్యులు రోగిని నిద్రలోనే ఉంచి, ఊపిరి తిరిగి వచ్చేదాకా వెంటిలేటర్ మీద కాపాడతారు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత చాలాసేపు ఊపిరి రాలేదన్న కబురు ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. రొకురోనియం లాంటి వేరే మందు వాడతారు. అది అదే రిసెప్టర్‌ను తెరవకుండా మూసి ఉంచుతుంది, దాని విరుగుడుకు ఈ ఎంజైమ్‌తో పనిలేదు.

తెల్లారేసరికి ఊపిరి కుదుటపడింది గానీ షుగర్ 350 చూపిస్తోందనుకుందాం. స్టెరాయిడ్ కాలేయాన్ని గ్లూకోజ్ తయారుచేయమంటుంది, సాల్బుటమాల్ అక్కడున్న నిల్వను కరిగిస్తుంది. దీనికి ఇన్సులిన్. ఇన్సులిన్ రిసెప్టర్ పొర మీదే ఉంటుంది, కానీ దానికి జీ ప్రొటీన్‌తో పనిలేదు. లోపలి కొస తనే ఎంజైమ్. ఇన్సులిన్ తగలగానే రిసెప్టర్‌లోని రెండు భాగాలు ఒకదానికొకటి ఫాస్ఫేట్ అంటించుకుని, తర్వాత పక్క ప్రొటీన్లకు అంటిస్తాయి. కొన్ని నిమిషాల్లో కండరాలు, కొవ్వు కణాలు గ్లూకోజ్ ద్వారాలను పొర మీదికి తెచ్చుకుంటాయి. ఈ కుటుంబంలోనే కణాలను పెరగమని చెప్పే రిసెప్టర్లు కూడా ఉన్నాయి. అవి అదుపు తప్పితే క్యాన్సర్. వాటిని ఆపడానికే కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో జెఫిటినిబ్ మాత్ర, కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ట్రాస్టుజుమాబ్ ఇంజక్షన్ ఇస్తారు.

ఇక్కడ రెండు వేర్వేరు కుటుంబాలు ఒకే పంపు దగ్గర కలుస్తాయి. సాల్బుటమాల్, ఇన్సులిన్ రెండూ కణం పొర మీది సోడియం-పొటాషియం పంపును తిప్పి, రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోసేస్తాయి. గంటకోసారి నెబ్యులైజర్, పక్కనే ఇన్సులిన్ డ్రిప్ నడుస్తుంటే పొటాషియం 3.5 కన్నా తగ్గి గుండె లయ తప్పే ప్రమాదముంది. అందుకే ఆ రోజు రక్తం మళ్లీ మళ్లీ తీస్తారు, ఈసీజీ మీద కన్నేసి ఉంచుతారు.

ఇంటికి వెళ్లేటప్పుడు అయిదు నుంచి ఏడు రోజులకు స్టెరాయిడ్ మాత్రలు రాస్తారు. ఉదయం వేసుకునే ఈ మాత్రతో షుగర్ ఎక్కువగా మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు పెరుగుతుంది, కాబట్టి పరగడుపున ఒక్కసారి చూసుకుంటే సరిపోదు. కోర్సు అయిపోయాక ఒకట్రెండు రోజుల్లో జన్యువుల పని మామూలుకు వస్తుంది. ఆసుపత్రిలో పెంచిన ఇన్సులిన్ యూనిట్లు అలాగే కొనసాగిస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు పడతాయి. అందుకని స్టెరాయిడ్ ఆపే తేదీని, ఇన్సులిన్ తగ్గించే లెక్కను డిశ్చార్జి చీటీ మీద పక్కపక్కనే రాయించుకోవాలి.