ఎస్సార్ చూసుకున్నారా?

పుట్టినరోజు నెలలో ఎప్పుడొచ్చినా ప్రభుత్వోద్యోగి రిటైరయ్యేది నెలాఖరునే. అందుకే వీడ్కోలు సభలన్నీ ఆ సాయంత్రానికే కుదురుతాయి. అలాంటి ఒక సభలో శాలువా కప్పించుకుని మైకు అందుకున్న సీనియర్ అసిస్టెంటు, ముప్పై ఏళ్ల సర్వీసులో ఎక్కువ భాగం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే గడిపినాయన. తన గురించి తక్కువ, ఎస్సార్ గురించి ఎక్కువ మాట్లాడారు. నాకు అదే నచ్చింది.

ఎస్సార్ అంటే సర్వీస్ రిజిస్టర్. చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, బదిలీలు, సెలవులు అన్నీ అందులోకే ఎక్కుతాయి. ఏటా ఆ సంవత్సరపు సర్వీసును పే బిల్లులతో సరిచూసి ఆఫీసరు సంతకం పెట్టాలి. బదిలీ అయిన ఏడాదిలోనే ఇది ఎక్కువగా తప్పిపోతుందని ఆయన చెప్పారు. పాత ఆఫీసు, కొత్త ఆఫీసు చూసుకుంటుందనుకుంటుంది.

సర్వీసులో ఉండగానే చనిపోయిన ఒక అటెండరు విషయంలో అదే జరిగింది. కొన్ని నెలల సర్వీసుకు సంతకం లేదని ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు వెనక్కొచ్చాయి. ఈయన పాత ఆఫీసుకు వెళ్లి, రికార్డు రూములో దుమ్ము పట్టిన అక్విటెన్స్ రిజిస్టర్లు ఒక్కొక్కటే దింపించారు. జీతం తీసుకున్నట్టు అటెండరు చేసిన సంతకాలు దొరికాయి. వాటి ఆధారంగా అక్కడి ఆఫీసరు ధ్రువీకరించాకే ఫైలు కదిలింది.

“ఏడాదికోసారి మీ ఎస్సార్ మీరే అడిగి చూసుకోండి బాబూ,” అన్నారాయన కుర్ర ఉద్యోగులతో. “పెళ్లయ్యాక నామినీ పేరు మార్చారో లేదో కూడా చూడండి.”