‘నేటి నుండి’ అన్నదా, ‘నా తదనంతరం’ అన్నదా?

దస్తావేజులు రాసే పనిలో ఉన్న నాకు ఇప్పుడు చాలా చిత్తు ప్రతులు వాట్సాప్‌లోనే వస్తున్నాయి. ఎవరో తెల్లకాగితం మీద రాసి ఫొటో తీస్తారు, కింద ‘ఇది కాస్త సరిచేసి స్టాంపు పేపరు మీద ఎక్కించండి’ అని ఒక మాట పెడతారు. అక్షర దోషాలు సరిచేయడం తేలికే. రాయించే మనిషి అసలు ఏం చేయాలనుకుంటున్నారో తెలియని చిత్తును సరిచేయడం మాత్రం ప్రమాదం. మన సొంత ఊహ దస్తావేజులోకి ఎక్కి, పదేళ్ల తర్వాత కోర్టులో ఆ మనిషి మాటగా నిలబడుతుంది.

అలాంటిదే ఒకటి చెబుతాను. గుంటూరు జిల్లాలో ఒక పల్లె. డెబ్బై దాటిన తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. 4 సెంట్ల స్థలంలో ఇల్లు. ఒక వాటాలో తల్లి, చిన్నకొడుకు కుటుంబం ఉంటారు, రెండో వాటా అద్దెకిచ్చారు. చిన్నకొడుకు పంపిన చిత్తుకు పైన ‘దాన సెటిల్‌మెంటు దస్తావేజు’ అని పేరు. లోపల ఇలా ఉంది: ‘నా భర్త నుండి నాకు సంక్రమించిన ఇంటిని నేటి నుండి సర్వహక్కులతో నా చిన్నకుమారునికి ఇచ్చితిని. నేను జీవించి ఉన్నంత కాలం అద్దె నేనే తీసుకొందును. నా తదనంతరం ఇల్లు అతనికి చెందవలెను. అవసరమైన ఈ పత్రము రద్దు చేసుకొను హక్కు నాకు కలదు.’

ఒక్కో వాక్యం విడిగా చదివితే తప్పు కనిపించదు. కలిపి చదివితే మాత్రం ఒకటి ఇచ్చేశానంటుంది, ఇంకొకటి నేను పోయాక ఇస్తానంటుంది, మూడోది ఇచ్చినా వెనక్కి తీసుకుంటానంటుంది. పాత సెటిల్‌మెంటు నకలు నుంచి సగం, పాత వీలునామా నకలు నుంచి సగం ఎత్తి రాసిన చిత్తులు ఇలాగే ఉంటాయి. పైనున్న పేరుకూ కింద ఉన్న మాటకూ పొసగకపోవడమే మొదటి గుర్తు.

పేరు తేల్చదు, మాట తేలుస్తుంది

‘పైన సెటిల్‌మెంటు అని ఉంది కదా, మిగతాది దానికి తగ్గట్టు దిద్దితే సరి’ అనిపిస్తుంది. అది సరికాదు. పత్రానికి పెట్టిన పేరు నిర్ణయాత్మకం కాదనీ, మొత్తం చదివి రాసినవారి ఉద్దేశం చూడాలనీ సుప్రీంకోర్టు 1996లో ఒక తెలుగు కుటుంబం కేసులోనే చెప్పింది. కోర్టు వెతికేది ఒకటే. హక్కు ఇప్పుడే, వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా చేతులు మారిందా, లేక రాసినవారు పోయాకే మారుతుందా? ఇప్పుడే మారితే సెటిల్‌మెంటు. పోయాక మారేదైతే, పైన ఏం రాసినా అది వీలునామా.

రెండింటికీ చాలా తేడా ఉంది. వీలునామా రాసిన మనిషి బతికున్నంత కాలం దాన్ని మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు, ఆ ఇల్లు అమ్ముకోనూ వచ్చు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. స్థిరాస్తి దానానికైతే రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షులు, స్టాంపు డ్యూటీ అన్నీ ఉండాలి, ఇచ్చినవారు బతికుండగానే తీసుకున్నవారు అంగీకరించాలి. అంగీకరించాక ఇచ్చినవారు మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. ఆస్తి బదలాయింపు చట్టం 126వ సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది. ఇష్టం వచ్చినప్పుడు రద్దు చేసుకోవచ్చన్న ఒప్పందంతో చేసిన దానం ఆ మేరకు చెల్లదు. అంటే ఈ చిత్తులో ‘నాకు రక్షణగా ఉంటుంది’ అనుకుని చేర్చిన చివరి వాక్యమే మొత్తం పత్రానికి ఎసరు పెట్టేది.

ముందు అడగాల్సింది: ఇది ఎవరి మాట?

చిత్తు పంపింది కొడుకు, సంతకం చేయాల్సింది తల్లి. ఇల్లు పొందేది మళ్లీ ఆ కొడుకే. కాబట్టి అతనికి ఫోన్ చేసి ‘మీ ఉద్దేశం ఏమిటి?’ అని అడిగితే నాకు తెలిసేది అతని ఉద్దేశమే. నాకు కావాల్సింది ఆమెది. అందుకే సర్వే నంబరు కంటే, హద్దుల కంటే ముందు ఆమెతో నేరుగా, పక్కన కొడుకు లేకుండా మాట్లాడాలి. అందులో కొడుకుకూ మేలుంది. లబ్ధి పొందే మనిషే ముందుండి వీలునామా రాయించాడని తేలితే కోర్టులు దాన్ని అనుమానాస్పద పరిస్థితిగా చూస్తాయి. ఆ అనుమానం తీర్చే భారం వీలునామాను చూపించుకునేవారి మీదే పడుతుంది.

రెండోది: ఇవ్వాలనుకుంటున్నది ఆమెదేనా? ‘నా భర్త నుండి సంక్రమించిన’ అన్న నాలుగు మాటల దగ్గర నేను ఆగిపోయాను. భర్త పేరున ఉన్న స్వార్జితం ఇల్లై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ ముగ్గురు పిల్లలకూ సమానంగా తలా నాలుగో వంతు వస్తుంది, ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. అప్పుడు ఈమె రాయగలిగింది తన నాలుగో వంతు వరకే. లింకు దస్తావేజు ఫొటో పంపమన్నాను. అది 1987 నాటి క్రయ దస్తావేజు, కొన్నది ఆమె పేరునే. ఆయన కొనిపెట్టాడు గనక ‘ఆయన నుంచి వచ్చింది’ అని ఇంట్లో అనుకునే మాట చిత్తులోకి వచ్చేసింది. ఆ మాట అలాగే రిజిస్టరైతే, రేపు పెద్దకొడుకో కూతురో ‘ఇది నాన్న ఆస్తి అని అమ్మే రాసింది’ అని చూపించడానికి ఆమె చేతి సంతకమే సాక్ష్యమయ్యేది.

చట్టం మాటల్లో కాదు, ఇంటి మాటల్లో

‘అమ్మా, సెటిల్‌మెంటా, వీలునామా?’ అని అడిగితే ‘మీరు ఏది మంచిదంటే అది’ అంటారు. దాంతో నిర్ణయం మన నెత్తికొస్తుంది. అందుకే రేపు జరగబోయే సంగతి పెట్టి అడగాలి. ఆమె మా దగ్గరికి వచ్చినప్పుడు కొడుకును బయట టీకొట్టు దగ్గర కూర్చోమని, ఆమెను నాలుగు ప్రశ్నలు అడిగాను.

‘అమ్మా, సంతకం పెట్టిన మర్నాడు మీ అబ్బాయి ఈ ఇల్లు ఎవరికైనా అమ్ముకోవచ్చా?’

‘అదెట్లా నాయనా! నేనెక్కడికి పోవాలి?’

‘అమ్మకపోయినా, బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చా?’

ఆమె కాసేపు ఆగి, ‘పైన ఇంకో అంతస్తు వేస్తానంటున్నాడు. అప్పు సంగతి నాకు చెప్పలేదు’ అంది.

‘అద్దె ఎవరు తీసుకోవాలి?’

‘నేనే. నా మందులు దాంతోనేగా.’

‘వచ్చే ఏడాదికి మీ మనసు మారితే?’

‘మారదు. వాడే చూస్తున్నాడు నన్ను. కానీ చూడటం మానేస్తే?’

మొదటి జవాబుతోనే సగం తేలింది. హక్కు ఇవాళ పోకూడదు. చివరి జవాబుతో మిగతా సగం తేలింది. మార్చుకునే వీలు ఆమె చేతిలో ఉండాలి. ఇవి రెండూ ఉన్నది వీలునామాలోనే.

మొదటి ప్రశ్నకు ఆమె ‘ఇల్లు వాడి పేరున ఇప్పుడే పెట్టేయండి, నేను ఉన్నంత కాలం నన్ను కదిలించకుండా ఉంటే చాలు’ అని ఉంటే దారి వేరు. యాజమాన్యం నేడే ఇచ్చి, జీవితకాలం ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు తన దగ్గర ఉంచుకుని సెటిల్‌మెంటు రాయవచ్చు. అలా అనుభవం తన దగ్గర ఉంచుకున్నంత మాత్రాన దానం చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2014లో, మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులోనే స్పష్టం చేసింది. అప్పుడు ఐదో ప్రశ్న అవసరమయ్యేది: ‘చూసుకుంటాడన్న నమ్మకంతోనే ఇస్తున్నారా?’ అవునంటే ఆ షరతు దస్తావేజులో విడిగా రాయాలి. 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి బదిలీని రద్దు చేయించుకోవాలంటే, అలాంటి షరతుతోనే ఇచ్చినట్టు చూపించగలగాలి. ‘ప్రేమాభిమానాలతో’ అన్న మాట ఒక్కటే రాసి ఊరుకుంటే అక్కడ వాదన బలహీనపడుతుంది.

ఇదంతా హిందూ కుటుంబాల లెక్క. ముస్లిం కుటుంబాల్లో హిబాకూ, వీలునామాతో ఇవ్వగలిగిన భాగానికీ నియమాలు వేరు. అందుకే ఎవరికి ఏ వారసత్వ చట్టం వర్తిస్తుందన్నది కూడా మొదట్లోనే తెలుసుకోవాలి.

వివరాలు తర్వాత

ఉద్దేశం తేలాకే మిగతా వివరాలకు వెళ్లాలి. ముందే వెళితే పంపినవారు ఇరవై ప్రశ్నల్లో తేలికైన పదిహేనింటికి జవాబిచ్చి, కష్టమైన ఐదూ వదిలేస్తారు. ఆ ఐదే మనకు కావాల్సినవి. నేను ఆధార్‌లోనూ లింకు దస్తావేజులోనూ పేరు ఒకేలా ఉందా చూసుకుంటాను. ఈమెకు ఒకదానిలో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదానిలో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. ఇద్దరూ ఒకరేనని తెలిసేలా రెండూ రాశాం. తర్వాత సర్వే నంబరు, ఇంటి నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల చెక్కుబందీ. 1987లో తూర్పున ఉన్న ఖాళీ స్థలంలో ఇప్పుడు ఎవరి ఇల్లుందో ఆమే చెప్పింది. తెలియని చోట ఊహించి రాయను. గీత గీసి ఖాళీ వదులుతాను. ఖాళీ కనబడితే ఎవరైనా అడుగుతారు, తప్పు నంబరు కనబడితే ఎవరూ అడగరు.

రాయడం మొదలుపెట్టే ముందు ఆమె చెప్పిందంతా మామూలు మాటల్లో ఒక కాగితం మీద పెట్టి చదివి వినిపించాను: ‘నేను బతికున్నంత కాలం ఇల్లు నాదే, అద్దె నాదే. నేను పోయాక చిన్నవాడిది. మధ్యలో మార్చుకోవాలంటే నేను మార్చుకోవచ్చు.’ ఆమె తలూపి, ‘పెద్దవాడికీ, అమ్మాయికీ ఎందుకు ఇవ్వలేదో కూడా రాయి. పెళ్లికి, చదువుకి వాళ్లకు పెట్టేశాం’ అంది. చిత్తులో లేని మాట అది. వారసులు అడగబోయే మొదటి ప్రశ్నకు జవాబు కూడా అదే.

కొడుకు లోపలికి వచ్చి కాగితం చదివాడు. ‘నేను పంపినదాంట్లోనూ ఇదేగా ఉంది?’ అన్నాడు. అతని ఫోన్‌లోనే ఫొటో తెరిచి ‘నేటి నుండి సర్వహక్కులతో’ అన్న చోట వేలు పెట్టాను. అతను రెండుసార్లు చదువుకున్నాడు. పాత నకలులో అలా ఉంటే ఎక్కించానని ఒప్పుకున్నాడు, అంతస్తుకు అప్పు కావాలన్న సంగతి కూడా అక్కడే తల్లికి చెప్పాడు. ‘అది వేరే మాట, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం’ అంది ఆమె. వీలునామాలో ఆ మూడు మాటలు లేవు.