వీసా అపాయింట్‌మెంట్‌కు ముందు 30 కాగితాలు

బ్రిటన్‌లో పనిచేసే విదేశీయుల దగ్గర మొన్నటిదాకా ఒక ప్లాస్టిక్ కార్డు ఉండేది. ఇక్కడ ఉండటానికి, పనిచేయడానికి ఈ మనిషికి అనుమతి ఉందని చెప్పే బీఆర్‌పీ కార్డు అది. ఆ కార్డుల్లో చాలావాటి గడువు 2024 డిసెంబరు 31తో ముగిసింది. వాటి బదులు ఈ-వీసా వచ్చింది. ఇప్పుడు చేతిలో కార్డేమీ ఉండదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒక ఖాతా ఉంటుంది. ఎవరికైనా రుజువు చూపాల్సి వస్తే అందులోంచి ఒక షేర్ కోడ్ తీసి ఇవ్వాలి. ఆ కోడ్‌, పుట్టిన తేదీ రెండూ ఉంటే అవతలివాళ్లు మన హోదాను తెరపై చూసుకోవచ్చు. కోడ్ 90 రోజులు పనిచేస్తుంది.

బ్రిటన్ లోపల దీంతో పని జరిగిపోతుంది. జర్మనీకో, ఫ్రాన్స్‌కో వెళ్లాలనుకున్నప్పుడే కాగితాల అవసరం పడుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్రిటన్‌లో ఎన్నేళ్లుగా ఉంటున్నా షెంజెన్ వీసా తీసుకోవాల్సిందే. ఆ వీసా కేంద్రంలో దరఖాస్తు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం చీటీలు, బీమా పత్రం, బ్రిటన్‌లో నివాస హోదా రుజువు అన్నీ కాగితం మీదే కావాలి. అద్దె గదుల్లో ఉండే ఉద్యోగుల ఇళ్లలో ప్రింటర్ ఉండటం అరుదు. అందుకే చాలామంది వెళ్లేది ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీకి.

అక్కడ ఏం జరుగుతుందో ఒక చిన్న కథగా చూద్దాం. ఇందులోని మనిషి కల్పితం. ఆమెకు ఎదురయ్యే అడ్డంకులు మాత్రం ఎవరికైనా రాగలిగినవే.

గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన ఒకామె ఉత్తర ఇంగ్లండ్‌లోని చిన్న ఊళ్లో, వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తోంది. చెల్లెలు జర్మనీలో చదువు పూర్తిచేసింది. పట్టా ఇచ్చే రోజుకు అక్క పక్కన ఉండాలని దాని కోరిక. మర్నాడు ఉదయం పదింటికి మాంచెస్టర్‌లో వీసా అపాయింట్‌మెంట్. అది తప్పితే మరో తేదీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. రాత్రి డ్యూటీ చేసి, కాస్త నిద్రపోయి, మధ్యాహ్నం మూడింటికి లైబ్రరీకి చేరింది. ఐదింటికి మూసేస్తారు.

ఆమె తీయాల్సినవి ఇవి: దరఖాస్తు 6 పేజీలు, అపాయింట్‌మెంట్ పత్రం 1, ఈ-వీసా వివరాలు 2, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ 9, జీతం చీటీలు 3, యజమాని ఉత్తరం 1, బీమా 2, టికెట్లు 2, చెల్లెలి ఆహ్వానం, ఆమె జర్మనీ నివాస కార్డు కాపీ కలిపి 2, సొంత పాస్‌పోర్టు కాపీలు 2. మొత్తం 30.

ఇంగ్లండ్‌లో పబ్లిక్ లైబ్రరీలను నడిపేది స్థానిక కౌన్సిళ్లు. కాబట్టి రేట్లూ వేళలూ నిబంధనలూ ఊరికో తీరుగా ఉంటాయి. ఈ లైబ్రరీలో నలుపు-తెలుపు పేజీకి 20 పెన్నీలు, కంప్యూటర్ గంటసేపు ఉచితం. ఆమెకు సభ్యత్వం లేకపోవడంతో కౌంటర్‌లో గెస్ట్ పాస్ ఇచ్చారు. పాస్ నంబరు కొట్టగానే తెర మూలన గడియారం 60 నిమిషాల నుంచి వెనక్కి తిరగడం మొదలైంది.

మొదటి అడ్డంకి లాగిన్ దగ్గరే వచ్చింది. ఈ-వీసా ఖాతాలోకి వెళ్లాలంటే పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీతో పాటు ఫోన్‌కో ఈమెయిల్‌కో వచ్చే భద్రతా కోడ్ కూడా కావాలి. ఆమె ఫోన్‌నే ఎంచుకుంది. కోడ్ రాలేదు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చింది పాత సిమ్ నంబరు మరి. ఈమెయిల్ ఎంచుకుందామంటే ఆ ఈమెయిల్ కొత్త కంప్యూటర్‌ను చూసి, నువ్వేనా అని మళ్లీ ఫోన్‌లో ధ్రువీకరణ అడిగింది. అదృష్టవశాత్తూ ఆమె ఫోన్‌లో మెయిల్ యాప్ అప్పటికే తెరిచి ఉంది. అందులోనే కోడ్ చూసి ఖాతాలోకి వెళ్లగలిగింది. దీనికే పావుగంట పోయింది. ఫోన్‌లో చార్జింగ్ లేకపోయుంటే పని అక్కడే ఆగిపోయేది.

లోపలికి వెళ్లాక షేర్ కోడ్ తీయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. ఎందుకోసమో అడిగినప్పుడు ఏది ఎంచుకోవాలో మాత్రం తెలిసి ఉండాలి. ఉద్యోగ రుజువు కోసం ఇచ్చే కోడ్ W అక్షరంతో, ఇల్లు అద్దెకు తీసుకోవడానికి ఇచ్చేది R తో, మిగతా అవసరాలకు ఇచ్చేది S తో మొదలవుతాయి. వీసా కేంద్రానికి కావాల్సింది ఈ మూడోది.

రెండో అడ్డంకి ఫైళ్ల దగ్గర. చెల్లెలు తన నివాస కార్డును ఐఫోన్‌తో ఫొటో తీసి మెయిల్ చేసింది. అది HEIC అనే రకం ఫైలు. లైబ్రరీ కంప్యూటర్ దాన్ని తెరవలేదు. అక్కడ కొత్త ప్రోగ్రాములు వేసుకోవడానికి అనుమతి ఉండదు. ఆమె చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఆ ఫొటో ఇక్కడ తెరుచుకోవట్లేదే. పీడీఎఫ్ చేసి పంపు, త్వరగా."

"ఒక్క నిమిషం అక్కా, పంపేస్తున్నా."

చెల్లెలు ఫోన్ దగ్గరే ఉండబట్టి సరిపోయింది. ఆమె కూడా డ్యూటీలో ఉండి ఫోన్ తీయకపోతే ఈ ఒక్క కాగితం కోసం మొత్తం దరఖాస్తు అసంపూర్తిగా మిగిలేది.

జీతం చీటీలకు పాస్‌వర్డ్ ఉంది. అది తనకు తెలుసు కాబట్టి తెరిచి ప్రింట్ ఇచ్చింది. కొన్ని లైబ్రరీల్లో ఫోన్ నుంచే ఫైలు పంపి ప్రింట్ తీసుకునే సౌకర్యం ఉంటుంది. పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లు అక్కడ సాధారణంగా బయటికి రావు, ఎందుకంటే తాళం తీసేవాళ్లెవరూ ఆ దారిలో ఉండరు. విండోస్ కంప్యూటర్‌లో దీనికి ఉపాయం ఉంది. పాస్‌వర్డ్ కొట్టి ఫైలు తెరిచి, ప్రింటర్ల జాబితాలో Microsoft Print to PDF ఎంచుకుంటే, చాలా ఫైళ్లకు తాళంలేని కాపీ తయారవుతుంది.

మూడో అడ్డంకి కంటికి వెంటనే కనిపించనిది. జర్మనీ షెంజెన్ దరఖాస్తును VIDEX అనే ఆన్‌లైన్ ఫారంలో నింపితే వచ్చే పీడీఎఫ్ చివర్లో బార్‌కోడ్‌లు ఉంటాయి. మనం నింపిన వివరాలన్నీ ఆ నల్లచుక్కల్లోనే దాగి ఉంటాయి. కౌంటర్‌లో యంత్రం వాటిని చదువుతుంది. ఆమె మొదటి ప్రింట్‌లో బార్‌కోడ్ మీదుగా వెంట్రుకంత సన్నని తెల్లగీత పైనుంచి కిందికి సాగింది. ప్రింటర్ డ్రమ్ మీద దుమ్ము పడ్డా, టోనర్ అయిపోతున్నా ఇలాంటి గీత వస్తుంది. మామూలు అక్షరాల మీద పడితే మనిషి చదివేయగలడు, బార్‌కోడ్‌ మీద పడితే యంత్రం తడబడవచ్చు. ఆమె కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి లైబ్రరీ ఉద్యోగిని అడిగింది.

"రెండో ప్రింటర్ ఉంది, దానికి పంపించండి. అది మొన్ననే బాగుచేశారు," అన్నారు ఆమె.

అదే సమయంలో ప్రింట్ సెట్టింగులూ చూసుకోవాలి. పేజీని కుదించే Fit బదులు Actual size పెట్టుకుంటే బార్‌కోడ్ అసలు కొలతలో వస్తుంది. ప్రింటర్ తనంతట తానే రెండువైపులా ముద్రించే పద్ధతిలో ఉంటే ఒకవైపుకు మార్చుకోవాలి. కౌంటర్‌లో కాగితాలు ఒక్కొక్కటే స్కాన్ చేస్తున్నప్పుడు వెనకవైపు ఉన్న బ్యాంకు లెక్క ఎవరి కంటా పడకపోవచ్చు.

నాలుగో అడ్డంకి డబ్బు. లైబ్రరీలో ప్రింట్ నొక్కగానే కాగితం బయటికి రాదు. పని ఒక వరుసలో నిలబడుతుంది. ప్రింటర్ పక్కనున్న చిన్న తెర దగ్గరికి వెళ్లి పాస్ నంబరు కొట్టి, ఎన్ని పేజీలో ఎంత ఖర్చో చూసి, డబ్బు కట్టి విడుదల చేసుకోవాలి. అక్కడున్నది నాణేల పెట్టె, కార్డు తీసుకోదు, చిల్లర తిరిగి ఇవ్వదు. 30 పేజీలకు 6 పౌండ్లు, పాడైన రెండు పేజీలు మళ్లీ తీసినందుకు 40 పెన్నీలు. ఆమె దగ్గర పది పౌండ్ల నోటే ఉంది. కౌంటర్‌లో చిల్లర ఇచ్చారు. ఇంతలో గంట గడువు దగ్గరపడింది. సమయం ముగిస్తే ఆ కంప్యూటర్‌లో దింపుకున్న ఫైళ్లన్నీ చెరిగిపోతాయి. వేచి ఉన్నవాళ్లెవరూ లేరు కాబట్టి, అడగగానే మరో అరగంట పొడిగించారు. అడగకపోతే పొడిగించేవాళ్లు కాదు.

నాలుగున్నరకల్లా కాగితాలన్నీ చేతికొచ్చాయి. అయినా ఆమె వెంటనే లేవలేదు. మెయిల్ నుంచి, ఈ-వీసా ఖాతా నుంచి బయటికి వచ్చింది. దింపుకున్న ఫైళ్లను తుడిచేసింది. గీతపడిన పేజీలను ముక్కలు చేసే యంత్రంలో వేయమని కౌంటర్‌లో ఇచ్చింది. ఇది చాదస్తం కాదు. షేర్ కోడ్ ఉన్న పేజీ ఒకటి, పుట్టిన తేదీ ఉన్న దరఖాస్తు పేజీ ఒకటి చెత్తబుట్టలో పక్కపక్కనే దొరికితే, ఆ రెండింటితో ఎవరైనా 90 రోజులపాటు ఆమె హోదా వివరాలు చూడొచ్చు. మార్చలేరు గానీ, ఫొటో, పేరు, అనుమతి గడువు కనిపిస్తాయి.

వీసా కేంద్రంలోనూ డబ్బుకు ప్రింట్ తీసే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. దాన్ని నమ్ముకుని వెళ్లకూడదు. అక్కడ పేజీ ధర ఎక్కువ. అంతకన్నా ముఖ్యం, మెయిల్ తెరుచుకోక, కోడ్ రాక పోయే పావుగంట అపాయింట్‌మెంట్ సమయంలోంచే పోతుంది.

ఈ కథలో ఒక్క అడ్డంకీ పెద్దది కాదు. కానీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, రెండు గంటల్లో గంటన్నరను తినేశాయి. ఆమె ఇంకో గంట ఆలస్యంగా వచ్చి ఉంటే లైబ్రరీ మూసే వేళకు సగం కాగితాలే తయారయ్యేవి. అపాయింట్‌మెంట్‌కు కనీసం రెండు రోజుల ముందు ప్రింట్లు తీసుకోవాలి. అంతకుముందే ఈ-వీసా ఖాతాలో ఫోన్ నంబరు సరిచూసుకోవాలి. ఫైళ్లన్నీ పీడీఎఫ్ చేసి, తాళాలు తీసి, కావాల్సిన వరుసలో నంబర్లు వేసుకుని ఒకేచోట పెట్టుకోవాలి. లైబ్రరీ వేళలు ముందే చూసుకోవాలి, వారంలో కొన్ని రోజులు అసలు తెరవని లైబ్రరీలు కూడా ఉన్నాయి.

మన ఊళ్లలో ఉన్నవాళ్లకు ఒక మాట. విదేశంలోని పిల్లలు పెళ్లి సర్టిఫికెట్టో, బ్యాంకు పాస్‌బుక్కో, ఆస్తి పత్రమో అడిగితే మంచం మీద పరిచి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేస్తాం. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోను కుదించేస్తుంది, స్టాంపు మీద అక్షరాలు ప్రింట్‌లో చెదిరిపోతాయి. దగ్గర్లోని మీ సేవలోనో జిరాక్స్ షాపులోనో స్కాన్ చేయించి, పీడీఎఫ్‌గా, వాట్సాప్‌లో "డాక్యుమెంట్" అని ఎంచుకుని పంపండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌కు పాస్‌వర్డ్ ఉంటే అదేమిటో ఫోన్‌లో చెప్పండి. ఇక్కడ మనం పెట్టే పది నిమిషాలు, గడియారం వెనక్కి తిరుగుతున్న ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లలకు ఒక అపాయింట్‌మెంట్‌ను నిలబెడతాయి.