ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా, దాని మీద లోను తీసుకోవాలా?

పోయిన ఏడాది జూన్‌లో తెనాలి నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. అక్కడ చిన్న జిరాక్స్ షాపు నడుపుకుంటాడు. "అన్నయ్యా, పాప ఇంజనీరింగ్ ఫీజు, హాస్టలు కలిపి వారంలోగా 3 లక్షలు కట్టాలి. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది కదా, రేపు వెళ్లి బ్రేక్ చేసేస్తా. అర శాతమే కోత అన్నారు" అన్నాడు. తొందరపడొద్దు, ముందు ఆ బాండు ఫొటో తీసి పంపమన్నాను. బ్యాంకులో పనిచేసిన రోజుల్లో కౌంటర్ దగ్గర ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! అర శాతమేగా అనుకుని సంతకం పెట్టి, చేతికొచ్చిన డబ్బు చూసి మొహం చిన్నబుచ్చుకున్న వాళ్లే ఎక్కువ.

తమ్ముడు పంపిన బాండు 2023 డిసెంబరులో వేసింది. గడువు రెండేళ్లు, వడ్డీ 7 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తుంది. అప్పటికి ఏడాదిన్నర గడిచింది, ఇంకా ఆరు నెలలుంది. ఆగితే డిసెంబరులో 4,59,553 రూపాయలు వస్తాయి.

మధ్యలో తీస్తే బ్యాంకు 7 శాతంలోంచి అర శాతం తగ్గించి 6.5 లెక్క కట్టి ఇస్తుందని తమ్ముడి అంచనా. లెక్క అలా ఉండదు. మీరు డబ్బు వేసిన రోజున బ్యాంకు రేట్ల పట్టికలో, నిజంగా గడిచిన కాలానికి ఎంత వడ్డీ ఉందో బ్యాంకు ముందు అది చూస్తుంది. ఒప్పుకున్న వడ్డీ, ఈ వడ్డీ రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకుంటుంది. కోత పడేది దాని మీద. రెండేళ్లు ఉంచుతానన్నందుకు 7 ఇచ్చారు. ఆ రోజు పట్టికలో ఏడాది నుంచి రెండేళ్ల లోపు డిపాజిట్‌కు ఉన్నది 6.75. అందులోంచి అర శాతం పోతే తమ్ముడికి దక్కేది 6.25. ఆ లెక్కన చేతికి 4,38,996 రూపాయలు వస్తాయి. అదే ఏడాదిన్నరకు 7 శాతం చొప్పున అయితే 4,43,881 ఉండాలి. అంటే బ్రేక్ చేసిన క్షణంలో పోయేది 4,885 రూపాయలు. తమ్ముడు కోతగా అనుకున్నది అర శాతం, అసలు పోతున్నది ముప్పావు శాతం, అదీ గడిచిన ఏడాదిన్నరంతటికీ.

కోత కూడా అందరికీ అర శాతం కాదు. స్టేట్ బ్యాంకులో 5 లక్షల వరకు ఉన్న డిపాజిట్‌కు అర శాతం, అది దాటితే 1 శాతం. కొన్ని బ్యాంకులు చిన్న డిపాజిట్‌కు కూడా 1 శాతం తీసుకుంటాయి. వేసిన ఏడు రోజుల్లోపు తీసేస్తే అసలు వడ్డీయే ఉండదు.

ఇక రెండో దారి, ఎఫ్‌డీ మీద లోను. డిపాజిట్ మొత్తంలో సాధారణంగా 90 శాతం దాకా ఇస్తారు, కాబట్టి 4 లక్షల బాండు మీద 3 లక్షలకు ఇబ్బంది లేదు. హామీదారు అక్కర్లేదు, సిబిల్ స్కోరు కోసం పెద్దగా తంటాలు ఉండవు. వడ్డీ మీ ఎఫ్‌డీ వడ్డీకి 1 శాతం కలిపి వేస్తారు, కొన్ని చోట్ల 2 శాతం కలుపుతారు. తమ్ముడి బ్యాంకులో 1 శాతం, అంటే 8 శాతం. ఈ మాట వినగానే వాడు ఉలిక్కిపడ్డాడు. "నా డబ్బు మీద నేనే 8 శాతం వడ్డీ కట్టాలా?"

ఆ ఉలికిపాటులోనే చాలామంది పొరబడతారు. లోను తీసుకున్నా ఎఫ్‌డీ మీద 7 శాతం వస్తూనే ఉంటుంది. ఒక చేత్తో 8 కడుతుంటే ఇంకో చేత్తో 7 వస్తోంది. నిజంగా జేబులోంచి పోయేది ఆ 1 శాతం తేడాయే. 3 లక్షల మీద 1 శాతమంటే ఏడాదికి 3,000, నెలకు 250 రూపాయలు.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. బ్రేక్ చేస్తే ఒక్కసారిగా 4,885 పోతుంది. లోను తీసుకుంటే నెలకు 250 పోతుంది. 4,885ను 250తో భాగిస్తే పంతొమ్మిదిన్నర. అంటే పందొమ్మిది నెలల లోపు లోను తీర్చేసేటట్టయితే లోనే మేలు. తమ్ముడి బాండుకు మిగిలింది ఆరు నెలలే, కాబట్టి తేడా రూపంలో పోయేది 1,500. పైగా, బ్రేక్ చేస్తే ఫీజు కట్టగా మిగిలే లక్షా 39 వేలు మళ్లీ ఎఫ్‌డీలో వేసినా 7 శాతం రాదు. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 6.5 శాతం నుంచి 5.5కు తగ్గించింది, దానితో పాటు ఎఫ్‌డీ రేట్లూ దిగాయి. ఆరు నెలలకు 6 శాతం దొరుకుతుందనుకుని చివరిదాకా లెక్క కట్టి చూపించాను. బ్రేక్ చేస్తే డిసెంబరు నాటికి వాడి దగ్గర ఉండేది 1,43,197. లోను తీసుకుని, నెలనెలా పడే వడ్డీ కూడా కట్టకుండా లోనులోనే కలవనిస్తే, 3,12,202 బాకీ పోను 1,47,351 మిగులుతుంది. నాలుగు వేల చిల్లర లోను వైపే మొగ్గింది.

ఇక్కడితో ఆపితే సగం మందికి తప్పు సలహా ఇచ్చినవాణ్ని అవుతాను. ఎందుకంటే తమ్ముడికి ఆదాయపు పన్ను లేదు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి రిబేటు వల్ల పన్ను పడదు, వాడి ఆదాయం అందులో సగం కూడా ఉండదు. అచ్చం ఇదే బాండు హైదరాబాద్‌లో 30 శాతం పన్ను కట్టే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చేతిలో ఉందనుకోండి, లెక్క తిరగబడుతుంది.

ఆయనకు 7 శాతం వడ్డీ వచ్చినా పన్ను పోగా మిగిలేది 4.9 శాతం. లోను మీద మాత్రం పూర్తి 8 శాతం కట్టాలి. పిల్లల ఫీజు కోసమో పెళ్లి కోసమో తీసుకున్న లోను వడ్డీని ఎఫ్‌డీ వడ్డీలోంచి తీసివేసి, మిగిలినదానికే పన్ను కడతానంటే కుదరదు. (డబ్బు వ్యాపారంలో పెడితే ఆ వడ్డీని వ్యాపార ఖర్చుగా చూపించుకోవచ్చు, అది వేరే సంగతి.) కాబట్టి ఆయనకు తేడా 1 శాతం కాదు, 3.1 శాతం. 3 లక్షల మీద నెలకు 775 రూపాయలు. మరోవైపు, బ్రేక్ చేస్తే పోయే 4,885 మీద ఆయన ఎలాగూ పన్ను కట్టాల్సిందే కాబట్టి అసలు నష్టం 3,420. దాన్ని 775తో భాగిస్తే నాలుగున్నర నెలలు కూడా రాదు. ఆరు నెలలకు లోను ఖర్చు 4,650. మిగిలిన డబ్బును తక్కువ వడ్డీకి మళ్లీ వేయడంలో ఓ అయిదు వందలు పోయినా, బ్రేక్ చేస్తేనే ఆయనకు ఏడు వందల పైన లాభం. బాండు అదే, బ్యాంకు అదే, రేట్లు అవే. తీర్పు మాత్రం రెండు రకాలు. "ఎఫ్‌డీ ఎప్పుడూ బ్రేక్ చేయొద్దు, లోనే తీసుకో" అని అందరికీ ఒకే సలహా ఇచ్చేవారు ఈ పన్ను సంగతి మరచిపోతున్నారు.

రెండో మెలిక, బాండు వయసు. బ్రేక్ చేస్తే పోయేది గడిచిన కాలం మీద. లోను తీసుకుంటే పోయేది ఇక ముందు గడవబోయే కాలం మీద. అయిదేళ్లకు 7 శాతం చొప్పున 4 లక్షలు వేసి నాలుగు నెలలకే అవసరం పడిందనుకోండి. వేసిన రోజు పట్టికలో నాలుగు నెలలకు 5 శాతం ఉంటే, కోత పోగా 4.5 ఇస్తారు. రెండున్నర శాతం పోయిందే అని గుండె గుభేలుమంటుంది. కానీ అది నాలుగు నెలలకే కదా, మొత్తం 3,333 రూపాయలు. దానికి భయపడి 3 లక్షల లోను తీసుకుని, తీర్చే దారి లేక గడువు దాకా యాభై ఆరు నెలలు మోస్తే నెలకు 250 చొప్పున 14,000 పోతుంది. అక్కడ పన్ను లేనివారికి కూడా బ్రేక్ చేయడమే మంచిది. రెండు నెలల్లో మిర్చి అమ్మిన డబ్బో చీటీ డబ్బో ఖాయంగా వస్తుందంటే మాత్రం లోను తీసుకోవాలి. అదీ ఓవర్‌డ్రాఫ్ట్‌గా తీసుకుంటే వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది.

ఈ లెక్కకు కావాల్సిన అంకెలు బ్యాంకు నుంచి రాబట్టడంలోనూ ఒక చిక్కుంది. కోత ఎంత అని అడిగితే అర శాతం అనే చెబుతారు, అది అబద్ధమూ కాదు. అలా కాకుండా "ఈ రోజు క్లోజ్ చేస్తే ఏ రేటు వేసి, వడ్డీ ఎంత ఇస్తారు? టీడీఎస్ తీయక ముందు అంకె చెప్పండి" అని అడగండి. టీడీఎస్ కోత కాదు, అది మీ పన్ను ఖాతాలోకి వెళ్లే సొమ్ము. దాన్ని నష్టంలో కలిపేసుకుంటే లెక్క తప్పుతుంది. చాలా బ్యాంకుల యాప్‌లలో ఎఫ్‌డీ క్లోజ్ చేసే బటన్ నొక్కాక, చివరి అంగీకారం అడిగే ముందు చేతికొచ్చే మొత్తం చూపిస్తారు. అక్కడ ఆగి ఆ అంకె రాసుకుని వెనక్కి రావచ్చు. బాండు దానంతట అదే రెన్యువల్ అయి ఉంటే కాలం మొదటి రోజు నుంచి కాదు, రెన్యువల్ అయిన రోజు నుంచే లెక్క. అయిదేళ్లుగా ఉన్న బాండని మీరనుకుంటున్నది బ్యాంకు లెక్కలో మూడు నెలల బాండే కావచ్చు.

పన్ను మినహాయింపు కోసం వేసిన అయిదేళ్ల ఎఫ్‌డీకి ఈ రెండు దారులూ లేవు. దాన్ని మధ్యలో తీయనివ్వరు, దాని మీద లోనూ ఇవ్వరు.

మనం కాస్త ముందే జాగ్రత్తపడితే అసలు ఈ ప్రశ్న సగం తగ్గిపోతుంది. తమ్ముడు 4 లక్షలకు ఒకే బాండు కాకుండా లక్ష చొప్పున నాలుగు బాండ్లు తీసుకుని ఉంటే, బ్రేక్ చేయాల్సి వచ్చినా మూడే చేసేవాడు. నాలుగోది 7 శాతంతో అలాగే ఉండేది. 5 లక్షలు దాటితే కోత పెరిగే బ్యాంకులో 8 లక్షలు వేసేవారికి ఇంకా లాభం. నాలుగు నాలుగుగా రెండు బాండ్లు తీసుకుంటే రెండూ అర శాతం కోతలోనే ఉంటాయి. వడ్డీ ఏమీ తగ్గదు, ఖర్చూ లేదు, ఫారం ఒకటి ఎక్కువ నింపాలి అంతే.

తమ్ముడు లోనే తీసుకున్నాడు. డిసెంబరులో బాండు గడువు తీరిన రోజు బ్యాంకు తన బాకీ పట్టుకుని మిగిలిన 1,47,351 రూపాయలు వాడి ఖాతాలో వేసింది. ఈసారి వాటిని 50 వేలవి రెండు, మిగిలినదానికి ఒకటి, మొత్తం మూడు బాండ్లుగా వేశాడు.