డాబా మీద సోలార్, పాలసీలో దాని చోటు

ఇంటి డాబా మీది సోలార్ పలకలకు విడిగా పాలసీ కొనక్కర్లేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ అనే ఇంటి బీమాలో వాటికి చోటుంది. ఇది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ప్రామాణిక పాలసీ. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా మూల షరతులు ఒకటే. ఇందులో ఇంటి భవనం అంటే గోడలూ కప్పూ మాత్రమే కాదు. అదే స్థలంలో ఉండి ఇంటి అవసరాలకు వాడుకునే ప్రహరీ, గ్యారేజీ, నీళ్ల ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు, సోలార్ పలకలు కూడా ‘అదనపు నిర్మాణాలు’ అన్న పేరుతో భవనంలో భాగమే.

చోటు ఉండటం ఒక ఎత్తు, దానికి ఎదురుగా అంకె ఉండటం ఇంకో ఎత్తు. బీమా మొత్తాన్ని ఈ పాలసీ రెండు భాగాలుగా లెక్కిస్తుంది. అసలు ఇంటికి కార్పెట్ ఏరియాను చదరపు మీటరు నిర్మాణ ఖర్చుతో గుణిస్తారు. అదనపు నిర్మాణాలకు అలాంటి సూత్రం లేదు. యజమాని ఎంత విలువ చెబుతాడో, కంపెనీ ఎంతకు ఒప్పుకుంటుందో అదే లెక్క. అందుకే ఇల్లు కట్టినప్పుడో, గృహరుణం తీసుకున్నప్పుడో చేయించిన పాలసీలోకి, ఆ తర్వాత డాబా ఎక్కిన పలకల విలువ దానంతట అది చేరదు. పలకలు పాలసీ మాటల్లో ఉంటాయి గానీ షెడ్యూలులో వాటి విలువ ఉండదు. క్లెయిమ్ రోజున గొడవ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

దీన్ని సరిదిద్దడం పెద్ద పనేం కాదు. డిస్కం నెట్ మీటరు బిగించి ప్లాంటును ప్రారంభించగానే, కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి ఎండార్స్‌మెంటు కోరాలి. గడువు మధ్యలో చేరిస్తే మిగిలిన రోజులకే ప్రీమియం పడుతుంది. దరఖాస్తుతో పాటు వెండర్ ఇచ్చిన పన్ను బిల్లు, ప్లాంటు ప్రారంభించినట్టు డిస్కం ఇచ్చిన కాగితం, పలకల సీరియల్ నంబర్లు, కాళ్లూ బోల్టులూ కనబడేలా తీసిన ఫొటోలు పెట్టాలి. ఈ ఫొటోల అవసరం తర్వాత బాగా తెలుస్తుంది. ఎండార్స్‌మెంటు చేతికి వచ్చాక అందులో ‘సోలార్’ అన్న మాట, దాని పక్కన రూపాయల అంకె రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఆ అంకె ఎంత ఉండాలన్న దగ్గర చాలామంది పొరపడతారు. పీఎం సూర్య ఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ప్లాంటుకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. ప్లాంటు మొత్తం ఖర్చు 2,10,000 అనుకుంటే యజమాని చేతి నుంచి పోయింది 1,32,000. తాను పెట్టినంతే విలువగా రాయించడం సహజంగానే తోస్తుంది. అది తప్పు. తుపాను మొత్తం ఎగరేసుకుపోతే మళ్లీ పెట్టడానికి కావలసింది పూర్తి 2,10,000. అదే ఇంటికి సబ్సిడీ రెండోసారి రాదు. కాబట్టి చెప్పాల్సింది సబ్సిడీ తీసేయకముందున్న ధర, అంటే బిల్లు మీది పూర్తి మొత్తం.

ఇక వాతావరణం సంగతి. పాలసీ పేరుపెట్టి చెప్పిన ప్రమాదాల్లో తుపాను, పెనుగాలి, సుడిగాలి, వరద, ముంపు, పిడుగు, కొండచరియలు విరిగిపడటం ఉన్నాయి. బయటి వస్తువు ఏదైనా వచ్చి తగలడం వల్ల కలిగే నష్టం కూడా ఉంది. చెట్టు కొమ్మ విరిగి పలక మీద పడ్డా, పక్కింటి రేకు ఎగిరొచ్చి అద్దాన్ని పగలగొట్టినా ఈ మాట కిందికి వస్తుంది. వడగండ్ల వాన అన్న పేరు మాత్రం ఆ జాబితాలో విడిగా కనబడదు. ఈదురుగాలితో వచ్చినప్పుడు దాన్ని తుపాను కింద, పలకను తాకి పగలగొట్టినప్పుడు బయటి వస్తువు తాకిడి కింద అడగవచ్చు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వడగండ్లు పడే తెలంగాణ జిల్లాల వాళ్లు మాత్రం ఈ ఒక్క విషయం ఎండార్స్‌మెంటు సమయంలోనే రాతలో తీసుకోవడం మేలు. పలకల ప్రామాణిక పరీక్షలో 25 మిల్లీమీటర్ల మంచుగుండును గంటకు సుమారు 83 కిలోమీటర్ల వేగంతో కొట్టి చూస్తారు. అంటే గోలీకాయంత వడగల్లును మంచి పలక తట్టుకోవాలి. నిమ్మకాయంతవి పడితే ఆ పరీక్ష హామీ ఇవ్వదు.

గాలి విషయంలో పలక కన్నా ముందు ఓడిపోయేది దాన్ని మోసే ఇనుప చట్రం. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం డిజైనుకు తీసుకోవాల్సిన మూల గాలివేగం హైదరాబాదులో సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నంలో 50 మీటర్లు. గంటల్లోకి మారిస్తే సుమారు 158, 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ గాలి ఆ 180 స్థాయిదే. ఆ అంకెకు తగ్గట్టు కట్టిన చట్రం అలాంటి తుపానులో ఊడిపోతే అది తుపాను నష్టమే. అదే చట్రం మామూలు వేసవి గాలివానకు లేచిపోయిందంటే సర్వేయరు చూపు బోల్టుల వైపు తిరుగుతుంది. తుప్పు పట్టిన బోల్టు, స్లాబులో సరిగా దిగని యాంకరు కనబడితే కారణం గాలి కాదు, పనితనం అంటాడు. పాత అరుగుదల, పనిలో లోపం బీమా పరిధిలోకి రావు. మొదటి రోజు తీసిన ఫొటోలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఏటా ఒకసారి బోల్టులు బిగించి తీసిన ఫొటోలుంటే ఇంకా మంచిది.

ఈ పాలసీలో అందరూ చదవాల్సిన మాట, ఎవరూ చదవని మాట, మినహాయింపుల్లో ఒకటుంది. విద్యుత్, ఎలక్ట్రానిక్ పరికరాలు ఎక్కువ వోల్టేజీ వల్లో, షార్ట్ సర్క్యూట్ వల్లో, వాటంతటవే వేడెక్కడం వల్లో పాడైతే పరిహారం లేదు. కారణం ఏదైనా సరే, పిడుగైనా సరే అని ఆ షరతు స్పష్టంగా చెబుతుంది. పైన పిడుగును ప్రమాదాల్లో చేర్చిన చేత్తోనే కింద దాన్ని తీసేసినట్టు కనిపిస్తుంది గానీ, రెండింటి మధ్య తేడా ఉంది. పిడుగు నేరుగా పలక మీద పడి అద్దం పగిలి, ఫ్రేమ్ కరిగితే అది పిడుగు నష్టం. దూరంగా ఎక్కడో పడి, తీగల వెంట వచ్చిన వోల్టేజీ ఇన్వర్టరు బోర్డును కాల్చేస్తే అది మినహాయింపు. ఇన్వర్టరు పైకి చెక్కుచెదరకుండా ఉండి లోపల చచ్చిపోయిందంటే సాధారణంగా రెండోదే. అయితే ఈ మినహాయింపు పాడైన ఆ ఒక్క పరికరానికే. దాని నుంచి మంటలు లేచి గదికి అంటుకుంటే గదికి జరిగిన నష్టం అగ్నిప్రమాదం కింద వస్తుంది.

ఇన్వర్టరుకు నిజమైన రక్షణ మరి రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి విద్యుత్ పరికరాల బ్రేక్‌డౌన్‌కు ఇచ్చే అదనపు కవరు. అది సోలార్ ఇన్వర్టరుకు వర్తిస్తుందో లేదో అడిగి తీసుకోవాలి. రెండోది డాబా మీదే ఉంది. పిడుగు కడ్డీకీ, డీసీ వైపుకీ, ఏసీ వైపుకీ వేరువేరు ఎర్తింగు గుంతలు, పెట్టెలో సర్జ్ నిరోధకాలు. చాలా సర్జ్ నిరోధకాల మీద ఒక చిన్న కిటికీ ఉంటుంది. అది పచ్చగా ఉంటే పరికరం బాగున్నట్టు, ఎర్రబడితే దెబ్బ తిని పని అయిపోయినట్టు. ఉరుముల వాన వెలిసిన మర్నాడు ఆ కిటికీని ఒకసారి చూసుకోవాలి.

వరదలో సంగతి ఇంకో రకం. పలకలు డాబా మీద క్షేమంగానే ఉంటాయి. నీట మునిగేది కింద గోడకు తగిలించిన ఇన్వర్టరు. నీళ్లు చేరి పాడైతే అది వరద నష్టమే. కానీ కరెంటు నడుస్తుండగా షార్ట్ అయి కాలిందంటే పైన చెప్పిన మినహాయింపు గురించి వాదన లేస్తుంది. ముంపు వచ్చే వీధుల్లో ఇన్వర్టరును మొదటి అంతస్తులో బిగిస్తే ఆ వాదనే ఉండదు.

ఒక ఊహా ఉదాహరణతో ఈ లెక్కలు ఎలా కలుస్తాయో చూడవచ్చు. విశాఖలో 100 చదరపు మీటర్ల ఇల్లు, మీటరుకు 22,000 చొప్పున 22 లక్షలు. 3 కిలోవాట్ల సోలార్ 2,10,000గా రాయించారు. తుపానులో ఆరు పలకల్లో రెండు ఎగిరిపడి ముక్కలయ్యాయి, ఒకదాన్ని ఎగిరొచ్చిన రేకు పగలగొట్టింది, చట్రం ఒక వరుస వంగింది. పలకలకు 45,000, చట్రానికి 20,000, తీగలకూ కూలికీ 10,000, మొత్తం 75,000 తుపాను నష్టంగా వస్తాయి. శిథిలాలు తీయించడానికి క్లెయిమ్ మొత్తంలో 2 శాతం దాకా, అంటే 1,500 దాకా, వేరుగా ఇస్తారు. అదే రాత్రి వోల్టేజీ పెరిగి కాలిన 40,000 రూపాయల ఇన్వర్టరుకు అదనపు కవరు లేకపోతే ఏమీ రాదు. రోజుకు 12 యూనిట్ల చొప్పున నెల రోజులు ఆగిన 360 యూనిట్ల ఉత్పత్తికీ రాదు, ఎందుకంటే పరోక్ష నష్టాలు ఈ పాలసీలో లేవు. ఎగిరిన పలక పడి పగిలిన పొరుగింటి రేకుల కప్పు ఖర్చు కూడా ఇందులో లేదు. దానికి మూడో వ్యక్తుల పట్ల బాధ్యతకు ఇచ్చే వేరే కవరు ఉండాలి. తుపాను హడావుడిలో ఎవరైనా మిగిలిన పలకలు విప్పుకుపోతే మాత్రం, తుపాను వల్లే ఆ దొంగతనం సాధ్యమై 7 రోజుల లోపల జరిగితే, బీమా వర్తిస్తుంది. మామూలు రోజున పోతే ఈ పాలసీ ఇవ్వదు.

నష్టం జరిగాక ముందుగా ప్లాంటు స్విచ్చులు ఆపించాలి. విరిగిన పలక కూడా ఎండ తగిలినంతసేపు కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని చేత్తో ముట్టుకోకూడదు. ముక్కలను సర్వేయరు చూసేదాకా పారేయకూడదు. ఉత్పత్తి చూపే ఫోన్ యాప్‌లో ఏ రోజు ఏ గంటకు గీత పడిపోయిందో తెలిపే తెరను భద్రపరచాలి. అద్దం పగలకుండా లోపల సెల్లులు మాత్రమే చిట్లిన పలకకు తేదీతో సహా దొరికే సాక్ష్యం చాలాసార్లు అదొక్కటే. కంపెనీకి కబురు వెంటనే పెట్టాలి. నింపిన క్లెయిమ్ ఫారం చేరాల్సిన గడువు 30 రోజులు.