చీకటి పడితే ఆగిపోయే కెమెరా

సీసీ కెమెరాల గురించి షాపులవాళ్లు తరచుగా వినే ఫిర్యాదు ఒకటుంది. పగలంతా బొమ్మ శుభ్రంగా వస్తుంది. సాయంత్రం ఆరున్నర, ఏడు అయ్యేసరికి ఒక కెమెరా ఆరిపోతుంది. కాసేపటికి తనే వస్తుంది, మళ్లీ పోతుంది. డీవీఆర్ తెర మీద ఆ గడిలో VIDEO LOSS అని పడుతుంటుంది. దొంగల కోసం పెట్టుకున్న కెమెరా దొంగలు తిరిగే వేళకే నిద్రపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కెమెరా పాడైందని కొత్తది కొంటారు. కొత్తదీ అలాగే చేస్తుంది. చాలాసార్లు తప్పు కెమెరాది కాదు. నాలుగు కెమెరాలకు కలిపి పెట్టిన ఒక్క అడాప్టర్‌లోనో, అక్కడి నుంచి వెళ్లిన సన్నటి తీగలోనో ఉంటుంది.

రాత్రే ఎందుకంటే, చీకటి పడగానే కెమెరా తన చుట్టూ ఉన్న ఐఆర్ లైట్లు వెలిగించుకుంటుంది. ఆ వెలుగు మన కంటికి సరిగా కనబడదు గానీ కరెంటు మాత్రం బాగా తింటుంది. పగలు 0.15 ఆంపుతో సరిపెట్టుకున్న కెమెరా రాత్రి 0.4 ఆంపు దాకా అడుగుతుంది. అందుకే లెక్కలన్నీ రాత్రికి వేసుకోవాలి. కెమెరా లేబుల్ మీద సాధారణంగా 12V DC, ఆ పక్కన గరిష్ఠంగా ఎన్ని వాట్లో ఉంటుంది. ఆ వాట్లను 12తో భాగిస్తే ఆంపులు వస్తాయి. 5 వాట్లని ఉంటే సుమారు 0.4 ఆంపు.

ఒక పల్లెటూరి ఇంటిని లెక్కకు తీసుకుందాం. డీవీఆర్ హాల్లో ఉంది. వసారాలో ఒక కెమెరా, తీగ 8 మీటర్లు. పెరట్లో ఇంకొకటి, 15 మీటర్లు. డాబా మీద మూడోది, 20 మీటర్లు. నాలుగోది పశువుల పాక దగ్గర, 60 మీటర్లు. నాలుగూ 5 వాట్లవే. రాత్రి అన్నీ కలిపి 1.7 ఆంపులు అడుగుతాయి.

ఇక్కడ 2 ఆంపుల అడాప్టర్ సరిపోతుందని అనిపిస్తుంది. కాగితం మీద సరిపోతుంది కూడా. కానీ అడాప్టర్‌ను పూర్తి బరువుతో రాత్రంతా నడిపితే వేడెక్కుతుంది. చవకరకాల మీద రాసిన అంకెను అసలే నమ్మలేం. రాసిన దాంట్లో ఐదింట నాలుగు వంతులకు మించి వాడకూడదనుకుంటే మనకు కనీసం 2.1 ఆంపులది కావాలి. అంటే 3 ఆంపులది, లేదా నాలుగు కెమెరాల కోసమని షాపుల్లో అమ్మే 5 ఆంపుల ఎస్‌ఎంపీఎస్ పెట్టె. ఎనిమిది కెమెరాలకైతే 10 ఆంపులది ఇస్తారు.

5 ఆంపులది పెడితే కెమెరాలు కాలిపోతాయని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాలవు. ఆంపుల అంకె అడాప్టర్ ఎంతవరకు ఇవ్వగలదో చెబుతుంది, అంతే. తనకు కావలసినంతే కెమెరా తీసుకుంటుంది. కాల్చేది వోల్టు. ఇంట్లో పడి ఉన్న 19 వోల్టుల లాప్‌టాప్ ఛార్జర్ తగిలిస్తే మాత్రం కెమెరా మీద ఆశ వదులుకోవాలి.

సరే, 5 ఆంపుల పెట్టె తెచ్చాం. వసారా, పెరడు, డాబా బాగానే ఉన్నాయి. పాక దగ్గరది మాత్రం రాత్రి ఆరిపోతూనే ఉంది. ఇప్పుడు తీగ సంగతి చూడాలి.

మన దగ్గర సీసీ కెమెరాలకు లాగేది ఎక్కువగా త్రీ ప్లస్ వన్ కేబుల్. అందులో బొమ్మను తెచ్చే లావుపాటి కోయాక్సియల్ తీగ ఒకటి, పక్కన వెంట్రుకల్లాంటి సన్నటి తీగలు మూడు. వాటిలో రెండు కరెంటుకు, ఒకటి మాటలు తేవడానికి. బొమ్మ తెచ్చే తీగకు 60 మీటర్లు ఒక లెక్కే కాదు. దాన్ని చూసి కరెంటు తీగ కూడా అంత దూరం మోస్తుందనుకోవడంలోనే చిక్కంతా ఉంది. తీగ ఎంత సన్నగా, ఎంత పొడుగ్గా ఉంటే కరెంటుకు అంత అడ్డు. మొదట్లో 12 వోల్టులు ఉన్నా చివరికి చేరేసరికి తగ్గిపోతాయి. కాలువలో నీళ్లు తల దగ్గర నిండుగా పారుతున్నా చివరి ఆయకట్టుకు అందనట్టు.

ఎంత తగ్గుతుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వందల రూపాయల్లో దొరికే డిజిటల్ మల్టీమీటర్ చాలు. కరెంటు ఆపి, పాక దగ్గర కెమెరా నుంచి ఆ రెండు సన్న తీగలు విప్పి, వాటి కొసలు ఒకదానితో ఒకటి మెలిపెట్టాలి. హాల్లో మిగతా రెండు కొసలనూ పెట్టె నుంచి విప్పి, మీటరును ఓమ్స్ మీద పెట్టి వాటి మధ్య కొలవాలి. కరెంటు వెళ్లే దారి, తిరిగొచ్చే దారి రెండూ కలిపే మీటరు చూపిస్తుంది. 60 మీటర్ల కేబుల్ అంటే కరెంటు నడిచేది 120 మీటర్లని చాలామంది మర్చిపోతారు. సన్న రాగి తీగైతే మన ఇంట్లో 11 ఓమ్స్ వచ్చిందనుకోండి. దాన్ని రాత్రి ఆంపులతో గుణిస్తే పోయే వోల్టులు తెలుస్తాయి. 11ను 0.4తో గుణిస్తే 4.4.

అంటే 12లో 4.4 దారిలోనే పోగా కెమెరాకు మిగిలేది 7.6 వోల్టులు. చాలా కెమెరాలకు పావు వంతు అటూ ఇటూ ఫర్వాలేదని కంపెనీలు రాస్తాయి. అంటే 9 వోల్టుల కింద నడవాలని అడగకూడదు. పగలు చూస్తే 0.15 ఆంపుకు పోయేది 1.7 వోల్టులే, 10.3 అందుతాయి, బొమ్మ బాగానే వస్తుంది. రాత్రికి లైట్లు వెలగగానే వోల్టు కూలుతుంది, కెమెరా ఆరిపోతుంది. ఆరిపోగానే లైట్లూ ఆరతాయి, వోల్టు మళ్లీ లేస్తుంది, కెమెరా మేలుకుంటుంది, చీకటి చూసి లైట్లు వెలిగిస్తుంది, మళ్లీ కూలుతుంది. ఆ గంటల్లో కెమెరా దగ్గర నిలబడితే లోపల టిక్కు టిక్కుమని ఫిల్టర్ కదిలే చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు వింటే రోగం మూడొంతులు తెలిసినట్టే. పైగా చాలా కెమెరాలు వోల్టు తగ్గేకొద్దీ ఎక్కువ ఆంపులు లాగుతాయి కాబట్టి అసలు పరిస్థితి మన లెక్క కన్నా ఇంకొంచెం అధ్వాన్నంగానే ఉంటుంది.

ఇక్కడ కుర్రాళ్లు చేసే పొరపాటొకటి చెప్పాలి. పాక దగ్గర పిన్ను ఊడదీసి, ఖాళీ తీగ మీద మీటరు పెట్టి, ‘పన్నెండు వస్తోంది సార్, లైను బాగుంది’ అంటారు. కెమెరా లాగకపోతే తీగలో పోయేదేముంది? కెమెరా తగిలించి ఉంచి, లైట్లు వెలిగినప్పుడు కొలవాలి. రాత్రిదాకా ఆగక్కర్లేదు, కెమెరా ముఖం మీద దట్టమైన నల్లగుడ్డ కప్పితే పట్టపగలే లైట్లు వెలుగుతాయి.

అదే తీగతో డాబా మీదికి 20 మీటర్లంటే అడ్డు మూడో వంతు. పోయేది వోల్టున్నర, 10.5 మిగులుతాయి. చేతిలో కాస్త మిగులు ఉంచుకుని రెండు వోల్టుల దాకా పోనిద్దామనుకుంటే, ఈ తీగ ఈ కెమెరాను 27 మీటర్ల వరకు నిశ్చింతగా నడుపుతుంది. 40 మీటర్లకు అంచుకు చేరుతుంది. ఇది అసలైన రాగికి సంగతి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు బజారులో బోలెడు. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. వాటిలో దూరం ఇంకా తగ్గుతుంది. మీటరు ఓమ్స్‌ను నేరుగా చూపిస్తుంది కాబట్టి తీగ ఏ రకమైనా మన లెక్క తప్పదు.

దూరం ఒక్కటే కాదు, తీగను పంచుకోవడం కూడా ముంచుతుంది. కేబుల్ ఆదా అవుతుందని ఒకే జత తీగ లాగి, కొస దగ్గర ఒకటికి నాలుగు చీలే పిన్ను పెట్టి నాలుగు కెమెరాలు తగిలిస్తే ఆ జతలో నడిచేది 1.7 ఆంపులు. అప్పుడు 27 మీటర్లు కాస్తా ఆరేడు మీటర్లకు పడిపోతుంది. చీలే పిన్ను అడాప్టర్ పక్కన ఉంటే ఫర్వాలేదు, కెమెరాల పక్కన ఉండకూడదు. ప్రతి కెమెరాకూ పెట్టె నుంచి సొంత జత రావాలి.

మరి పాక కెమెరాను ఏం చేయాలి? ఎస్‌ఎంపీఎస్ పెట్టెలో +V ADJ అని చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పి 13 వోల్టులకు పెంచుతారు కొందరు. పెంచినా పాకకు అందేది 8.6. అంత దూరానికి అది చాలదు. పాకలో ప్లగ్గు ఉంటే అక్కడే వేరే అడాప్టర్ పెట్టడం ఇంకో దారి. కానీ ఇంట్లో ఇన్వర్టర్ మీద మిగతా మూడూ నడుస్తుంటే, కరెంటు పోయినప్పుడు పాక ఒక్కటే చీకటవుతుంది. రెండు చోట్ల ఎర్తుల్లో తేడా ఉంటే తెర మీద అడ్డంగా గీతలు పాకడమూ కద్దు.

నన్నడిగితే సూటి మార్గం లావు తీగే. ఇంటి వైరింగుకు వాడే 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ప్రతి ఎలక్ట్రికల్ షాపులోనూ దొరుకుతుంది. ఒక జత పైపులో వేసి పాకదాకా లాగితే 60 మీటర్లకు అడ్డు రెండు ఓమ్స్ చిల్లరే. పోయేది ఒక్క వోల్టు, కెమెరాకు 11 అందుతాయి. బొమ్మ పాత కేబుల్లోనే వస్తుంది. తవ్వకం కుదరదు, పాత సన్న తీగే గతి అనుకుంటే, ఆ ఒక్కదానికి 24 వోల్టుల అడాప్టర్ వేరే పెట్టి, పాక దగ్గర 12కు దించే చిన్న కన్వర్టర్ అమర్చాలి. వోల్టు రెట్టింపైతే అదే పనికి ఆంపులు సగమవుతాయి. పావు ఆంపు లోపే నడుస్తుంది కాబట్టి దారిలో రెండున్నర వోల్టులు పోయినా 21 పైగా చేరతాయి. కన్వర్టర్‌ను ముందు బల్ల మీద 12కు సరిచేసి, మీటరుతో చూసి, ఆ తర్వాతే కెమెరాకు తగిలించాలి. నెట్‌వర్క్ తీగలోనే కరెంటు పంపే ఐపీ కెమెరాలు 100 మీటర్లు వెళ్లగలిగేదీ ఇందుకే, వాటిలో నడిచేది 48 వోల్టులు.

పెద్ద పెట్టె వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. వసారా తీగ 8 మీటర్లదే కాబట్టి దాని అడ్డు ఒకటిన్నర ఓమ్ లోపు. ఎలుక కొరికి కెమెరా దగ్గర ఆ రెండు తీగలూ కలిసిపోతే 8 ఆంపులు పారతాయి. 5 ఆంపుల పెట్టె తట్టుకోలేక ఆగిపోతుంది. 10 ఆంపుల పెట్టెకు అది మామూలు బరువే, ఆగదు. ఆ వెంట్రుకంత తీగ గోడలో ఎర్రగా కాగుతుంది. అందుకని పెద్ద పెట్టె కొనేటప్పుడు ప్రతి కెమెరా లైనుకూ విడిగా ఫ్యూజు ఉన్నది చూసి తీసుకోవాలి. లేకపోతే ఒక్కో ప్లస్ తీగ మీద ఒక ఆంపు ఫ్యూజు పెట్టించుకోవాలి.