ఒక క్యూబిక్ మీటరు కాంక్రీటుకు ఎనిమిది బస్తాలు ఎలా?

శ్లాబు పని దగ్గర పడేసరికి ఇంటివాళ్ళు మేస్త్రీని అడిగే మొదటి మాట "ఎన్ని బస్తాలు తెప్పించాలి?" అని. మేస్త్రీ తన అనుభవం కొద్దీ ఒక అంకె చెబుతాడు. చాలాసార్లు అది సరిపోతుంది కూడా. కానీ ఆ అంకె ఎలా వచ్చిందో తెలిసినవాళ్ళే సరుకు తగ్గినప్పుడు ఎక్కడ తగ్గిందో పట్టుకోగలరు. లెక్క పెద్దది కాదు, పావు కాగితం చాలు. అందులో కొత్తవాళ్ళను తికమకపెట్టే అంకె ఒక్కటే: 1.54.

ఇళ్ళ శ్లాబులకు మన దగ్గర ఎక్కువగా వాడే పాళ్ళు 1:1.5:3. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు 20 ఎంఎం కంకర. దీన్నే ఎం20 నామినల్ మిక్స్ అంటారు. 20 అంటే 28 రోజుల తర్వాత ఒక్కో చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలని. పాళ్ళన్నీ కలిపితే 5.5.

మొదటిసారి లెక్క వేసేవాళ్ళు సహజంగా ఒక క్యూబిక్ మీటరును 5.5 తో భాగిస్తారు. సిమెంటు 0.18 క్యూబిక్ మీటర్లు, అంటే అయిదు బస్తాల పైచిలుకు వస్తుంది. అంతే తెప్పించి పని మొదలుపెడితే మూడింట రెండొంతులు పోసేసరికే సరుకు అయిపోతుంది. అలా ఎందుకవుతుందో బకెట్టుతోనే చూడవచ్చు. 20 లీటర్ల బకెట్టు నిండా పొడి కంకర పోసి, దాని మీద కొలిచి నీళ్ళు పోయండి. అంచు దాకా రావడానికి ఇంచుమించు తొమ్మిది లీటర్లు పడతాయి. నిండుగా కనిపించిన బకెట్టులో దాదాపు 45 శాతం ఖాళీయే. వదులుగా పోసిన ఇసుకలో ఈ ఖాళీ సుమారు 40 శాతం, సిమెంటులో సగానికి పైనే. కలిపినప్పుడు కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు, నీళ్ళు దూరుతాయి. అందుకే విడివిడిగా కొలిచిన సరుకు కలిశాక కుదించుకుపోతుంది. ఒక క్యూబిక్ మీటరు గట్టి కాంక్రీటు రావాలంటే విడిగా కొలిచిన పొడి సరుకు మొత్తం సుమారు 1.54 క్యూబిక్ మీటర్లు ఉండాలి. కొందరు 1.52 అంటారు, కొందరు 1.57 దాకా తీసుకుంటారు. కంకర, ఇసుకల సైజులను బట్టి మారే అంకె కాబట్టి ఆ కాస్త తేడా గురించి వాదించనక్కర్లేదు.

ఇప్పుడు అసలు లెక్క. 1.54 ను 5.5 తో భాగిస్తే 0.28. ఒక పాలు విలువ అదే. సిమెంటు 0.28 క్యూబిక్ మీటర్లు, ఇసుక దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 0.42, కంకర మూడు రెట్లు, అంటే 0.84. మూడూ కూడితే మళ్ళీ 1.54 రావాలి. లెక్క తప్పలేదని చూసుకోవడానికి ఇదే దారి. సిమెంటును బస్తాల్లో కొంటాం కాబట్టి బరువులోకి మార్చాలి. వదులుగా ఉన్న సిమెంటు క్యూబిక్ మీటరుకు 1,440 కిలోలని లెక్క. 0.28 ను 1,440 తో గుణిస్తే 403 కిలోలు. యాభై కిలోల బస్తాలైతే ఎనిమిది, పైన మూడు కిలోలు. ఇసుక 0.42 అంటే సుమారు 15 సీఎఫ్‌టీ, కంకర 0.84 అంటే ఇంచుమించు 30 సీఎఫ్‌టీ.

ఈ అంకెను ఇంకో వైపు నుంచి కూడా సరిచూడవచ్చు. సందులన్నీ తీసేసి అసలు పదార్థం ఎంతో చూద్దాం. 403 కిలోల సిమెంటులో గట్టి భాగం 128 లీటర్లు. 420 లీటర్ల ఇసుకలో సందులు పోను 250 లీటర్లు, 840 లీటర్ల కంకరలో 460 లీటర్లు. సిమెంటు బరువులో సగం నీళ్ళనుకుంటే 200 లీటర్లు. ఎంత వైబ్రేట్ చేసినా లోపల చిక్కుకుపోయే గాలి పది, ఇరవై లీటర్లు ఉంటుంది. కూడితే 1,050 లీటర్ల దగ్గర తేలుతుంది. మనకు కావలసింది వెయ్యి. అంటే 1.54 లోనే అయిదు శాతం దాకా వెసులుబాటు ఉంది. తట్టల్లోంచి ఒలికేది, మిక్సర్‌కు అంటుకునేది, సెంట్రింగ్ సందుల్లోంచి కారేది అందులో సర్దుకుపోతుంది. ఇటుక పనికీ ప్లాస్టరింగ్‌కూ వాడే సిమెంటు మాలుకు కంకర ఉండదు, అందుకని దానికి 1.33 లాంటి వేరే అంకె ఉంది. రెండింటినీ కలగాపులగం చేయకూడదు.

లెక్క ఇంతవరకూ పొడి ఇసుకకు. కానీ సైటు మీద పొడి ఇసుక దొరకడం అరుదు. నది ఇసుక తేమగా వస్తుంది, కడిగిన ఎం-శాండ్ కూడా అంతే. నాలుగైదు శాతం తేమ ఉన్నప్పుడు ప్రతి రేణువు చుట్టూ పల్చని నీటి పొర ఏర్పడి పక్క రేణువును దూరంగా నెడుతుంది, ఇసుక ఉబ్బుతుంది. సన్న ఇసుక మరీ ఉబ్బుతుంది. ఇరవై, ముప్పై శాతం ఉబ్బు మామూలే. పూర్తిగా ఎండినా, నీళ్ళలో పూర్తిగా మునిగినా ఈ ఉబ్బు ఉండదు. మధ్యలో ఉన్న తేమ ఇసుకే మోసం చేస్తుంది.

ఎంత ఉబ్బిందో తెలుసుకోవడానికి నిటారు గోడలున్న ఒక డబ్బా, ఒక స్కేలు చాలు. తేమ ఇసుకను డబ్బాలో వదులుగా, ఉదాహరణకు 20 సెంటీమీటర్ల ఎత్తు దాకా పోసి చదును చేయాలి. దాన్ని బయటికి తీసి, డబ్బాలో సగం దాకా నీళ్ళు పోసి, ఇసుకను మళ్ళీ అందులో వేసి కర్రతో బాగా కలపాలి. పేరుకున్నాక ఎత్తు 16 సెంటీమీటర్లుందనుకోండి. అసలు ఇసుక అంతే. తేడా 4. దాన్ని 16 తో భాగించాలి, 20 తో కాదు. ఉబ్బు 25 శాతం. ఇక్కడ 20 తో భాగించి 20 శాతమే అనుకునేవాళ్ళు చాలామంది.

ఈ 25 శాతాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుంది? 0.42 అని కొలిచిన తేమ ఇసుకలో నిజమైన ఇసుక 0.336 మాత్రమే. పాళ్ళు 1:1.5:3 కాస్తా 1:1.2:3 అవుతాయి. కంకర సందులు నింపడానికి మాలు చాలదు. గట్టి పదార్థం యాభై లీటర్లు తగ్గిపోవడంతో ముందు చెప్పుకున్న వెసులుబాటు మొత్తం పోయి, శ్లాబు చివర మూలకు కాంక్రీటు చాలదు. సెంట్రింగ్ విప్పాక అడుగున కంకర బయటపడి గుల్లలు కనిపించడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. కూలీలు వైబ్రేటర్ సరిగా పెట్టలేదని నింద వాళ్ళ మీద పడుతుంది గానీ, చాలాచోట్ల తప్పు ఇసుక కొలతలో ఉంటుందని నా నమ్మకం. సర్దుబాటు తేలిక. ఉబ్బు 25 శాతమైతే 0.42 ను 1.25 తో గుణించి 0.525 క్యూబిక్ మీటర్ల తేమ ఇసుక వేయాలి.

ఇది అమలయ్యేది గేజ్ బాక్సుతోనే. బస్తా సిమెంటు ఘనపరిమాణం సుమారు 35 లీటర్లు. లోపలి కొలతలు 40, 35, 25 సెంటీమీటర్లు ఉండేలా చెక్క పెట్టె చేయిస్తే సరిగ్గా 35 లీటర్లు పడుతుంది. ఒక బస్తాకు కంకర మూడు పెట్టెలు, ఇసుక ఒకటిన్నర. ఇసుకకు వేరే పెట్టె చేయించి, ఎత్తు 25 బదులు 31 సెంటీమీటర్లు పెడితే 25 శాతం ఉబ్బు అందులోనే లెక్కలోకి వస్తుంది, కూలీలు మామూలుగానే ఒకటిన్నర పోసుకుంటారు. తట్టలతో కొలవడం నాకు అసలు నచ్చని పద్ధతి. ఒకరు రాశిగా నింపుతారు, ఇంకొకరు అంచు దాకా నింపుతారు. మధ్యాహ్నం అలసిపోయాక అదే మనిషి సగానికే నింపుతాడు.

నీళ్ళ లెక్క కూడా ఇసుక తేమతోనే ముడిపడి ఉంది. ఇనుము వేసిన కాంక్రీటుకు, ఉప్పుగాలి తగలని మామూలు చోట్ల, నీళ్ళు సిమెంటు బరువులో 0.55 వంతు దాటకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. బస్తాకు ఇరవై ఏడున్నర లీటర్లు. బస్తాకు పడే 83 కిలోల ఇసుకలో అయిదు శాతం తేమ ఉంటే అప్పుడే నాలుగు లీటర్లు లోపలికి వెళ్ళిపోయాయి. కాబట్టి మిక్సర్‌లో విడిగా పోయాల్సింది ఇరవై మూడు, ఇరవై నాలుగు లీటర్లే.

ఒక ఇంటి శ్లాబుకు ఈ లెక్కను వాడి చూద్దాం. 30 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందం. ఘనపరిమాణం 312.5 క్యూబిక్ అడుగులు. మీటర్లలోకి మార్చకుండానే 0.28, 0.42, 0.84 తో గుణించవచ్చు, పాళ్ళు ఏ కొలతలోనైనా అవే కదా. సిమెంటు 87.5 క్యూబిక్ అడుగులు. బస్తా 1.226 క్యూబిక్ అడుగులు కాబట్టి 71.4 బస్తాలు, అంటే 72 తెప్పించాలి. ఇసుక 131 సీఎఫ్‌టీ, కంకర 262 సీఎఫ్‌టీ. బీములు వేరే కలుపుకోవాలి. ఇసుక టన్నుల్లో కొంటే పొడి లెక్కన దాదాపు ఆరు టన్నులు. టన్నుల్లో కొంటే ఉబ్బు మన లెక్కను తప్పించదు, కానీ ఇసుకలోని నీటికి కూడా డబ్బు కడతాం. సీఎఫ్‌టీల్లో కొంటే పావు వంతు ఉబ్బును కలిపి 164 సీఎఫ్‌టీ అడగాలి, లేకపోతే లారీ చూడటానికి నిండుగా ఉన్నా ఇసుక తక్కువ పడుతుంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఐఎస్ 456 నామినల్ మిక్స్‌ను ఎం20 దాకానే అనుమతిస్తుంది, పాళ్ళను కూడా బరువుల్లో ఇస్తుంది: ఎం20 కి బస్తాకు ఇసుక, కంకర కలిపి 250 కిలోలకు మించకూడదు. మన లెక్కలో అది 240 కిలోల దగ్గర ఉంది. కాబట్టి 1:1.5:3 ఆ హద్దులోనే నిలుస్తుంది. సముద్రం పక్కన మాత్రం ఇది చెల్లదు. తీర ప్రాంతంలో ఉప్పుగాలికి కాస్త చాటుగా ఉన్న ఇనుప కాంక్రీటుకే కనీసం ఎం25 ఉండాలి, నేరుగా సముద్రపు గాలి తగిలేదానికి ఎం30. విశాఖపట్నంలోనో, కాకినాడలోనో, మచిలీపట్నంలోనో తీరం దగ్గర ఇల్లు కట్టేవాళ్ళు ఈ పాళ్ళను పక్కన పెట్టి ఇంజనీరు చేత మిక్స్ డిజైన్ చేయించుకోవాలి.

మిగతా చోట్ల కూడా 1.54 సరుకు ఎంత కొనాలో చెబుతుంది, కాంక్రీటు బలం ఎంతో చెప్పదు. బలం తెలిసేది 150 ఎంఎం క్యూబుల పరీక్షలో. పైన చెప్పిన శ్లాబు సుమారు తొమ్మిది క్యూబిక్ మీటర్లు. అంత కాంక్రీటుకు ప్రమాణం రెండు శాంపిళ్ళు అడుగుతుంది, శాంపిలుకు మూడు క్యూబులు. శ్లాబు వేసే రోజునే ఆరు క్యూబులు పోయించి, 28 రోజులు నీళ్ళలో ఉంచి, దగ్గర్లోని పరీక్ష కేంద్రానికి పంపమని కాంట్రాక్టరుతో ముందే రాయించుకోండి.